నగరం మారిపోయే కవితను ఎలా చదవాలి: వాడుక మాటలు, సగంలో ఆగే ముగింపులు

వచన కవిత చదివేటప్పుడు చాలామంది పాఠకులు రెండు చోట్ల తడబడతారు. మొదటిది, ఇవన్నీ మనం రోజూ మాట్లాడుకునే మాటలేగా, ఇందులో కవిత్వం ఎక్కడుంది అనిపించే చోటు. రెండోది, కవిత అయిపోయిందో లేదో తెలియక పేజీ తిప్పి చూసుకునే చోటు. నగరాలు మారడం మీద రాసిన కవితల్లో ఈ రెండూ తరచుగా కలిసే వస్తాయి. మాట ఎంత మామూలుగా ఉంటే ముగింపు అంత హఠాత్తుగా అనిపిస్తుంది. నా అనుభవంలో ఈ రెంటినీ విడివిడిగా చదివితే ఏదీ సరిగా అందదు. ముగింపు ఎందుకు అక్కడ ఆగిందో తెలియాలంటే పైనున్న మామూలు మాటల్ని ఒక పద్ధతిలో చూసుకుంటూ రావాలి. ఆ పద్ధతిని ఒక కవిత దగ్గర పెట్టుకుని చెబుతాను.

ఉదాహరణ కోసం, ఈ పాఠానికని రాసిన చిన్న కవిత ఇది:

రోడ్డు వెడల్పు

మునిసిపాలిటీవాళ్లు వచ్చి
గోడ మీద ఎర్రరంగు మార్కింగ్ వేసి
పక్కన 'ఆరు' అని రాసి
వెళ్లారు

ఆరు అడుగులంటే
మెట్లు, అరుగు, కుట్టుమిషను
మిషను మీద నాన్న వంచిన తల

కొలతలు తీసుకోవడం ఆయన పనే
వీధిలో అందరి భుజాలూ నడుములూ
అట్ట చిరిగిన నోటుబుక్కులో ఉన్నాయి

వాళ్ల టేపూ మా టేపు లాంటిదే
కొంచెం పొడుగు

ఫ్లైఓవర్ మీంచి ఇక
మూడు నిమిషాల్లో దాటిపోతారట
మా వీధిని

పండక్కి ఇస్తానన్న చొక్కా
కాలరు కుట్టి
చేతులు కుట్టి
కాజాలు కుట్టి
గుండీలు

మొదట: పైకి చదవండి, పాదం చివర ఆగండి

వచన కవితలో గణాలు లేవు, యతి ప్రాసలు లేవు. పద్యంలో ఎక్కడ ఆగాలో ఛందస్సే చెబుతుంది. ఇక్కడ ఆ పని చేసేది పాదం విరుపు, ఖాళీ వదిలిన పంక్తి, ఈ రెండే. కాబట్టి కంటితో చదివితే సగం కవిత జారిపోతుంది. గొంతు పెట్టి చదవండి. ప్రతి పాదం చివర అర క్షణం, ఖాళీ వచ్చినచోట నిండుగా ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆగండి. అర్థం కోసం వెనక్కి వెళ్లొద్దు.

తర్వాత అదే కవితను పాదాల సంగతి మర్చిపోయి, పక్కవాళ్లకు విషయం చెబుతున్నట్టు గడగడా చదివేయండి. రెండు చదువుల మధ్య ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ పెన్సిలుతో చిన్న గీత పెట్టుకోండి. కవి పని చేసిన చోట్లు దాదాపుగా అవే.

ఈ కవితలో మొదటి గీత 'వెళ్లారు' దగ్గర పడుతుంది. 'పక్కన ఆరు అని రాసి వెళ్లారు' అని ఒకే పాదంగా ఉండొచ్చు. విడగొట్టడంతో 'రాసి' తర్వాత చిన్న నిశ్శబ్దం వచ్చింది. వచ్చినవాళ్లు ఇంట్లోవాళ్లతో ఏమైనా అంటారేమో అన్న ఆశ ఆ నిశ్శబ్దంలో పుట్టి, 'వెళ్లారు'తో అక్కడే ముగిసిపోతుంది. రెండో గీత 'మా వీధిని' దగ్గర. మామూలు వాక్యంలో అయితే 'మా వీధిని మూడు నిమిషాల్లో దాటిపోతారట' అంటాం. ఇక్కడ వీధి క్రియ దాటాక వచ్చింది. మాట్లాడేటప్పుడు మనం ఇలాగే, వాక్యం అయిపోయాక గుర్తొచ్చిన దాన్ని చివర తగిలిస్తాం. దాటిపోయేవాళ్లకు ఆ వీధి ఎంత గుర్తుంటుందో పదాల వరసే చూపిస్తోంది.

మూడో గీత ఆఖరి పాదం కింద. అక్కడ గొంతు దిగదు. ఎందుకో తర్వాత చూద్దాం, ఇప్పటికి గీత పెట్టి వదిలేయండి.

రెండో పని: ప్రతి మాటా ఎవరి నోటిదో చూడండి

వాడుక మాటలు అనగానే 'అందరి మాటలు' అనుకుంటాం. కాదు. వాడుకలో ఉన్న ప్రతి మాటకూ ఒక నోరు ఉంటుంది, ఒక చోటు ఉంటుంది, తరచుగా ఒక కాలం కూడా ఉంటుంది. కవితలో నామవాచకాలన్నీ పక్కన రాసుకుని ఒక్కోదాని ఎదురుగా ఈ మాట ఎవరంటారు అని వేసుకోండి. ఇది నిఘంటువు చూసి చేసే పని కాదు, చెవితో చేసే పని.

'మునిసిపాలిటీవాళ్లు' అనేది ఇంట్లో నిలబడి గుమ్మంలోంచి చూసేవాళ్ల మాట. ఆ ఊరు ఎప్పుడో కార్పొరేషన్ అయిపోయి ఉండొచ్చు, జనం నోట్లో మాత్రం మునిసిపాలిటీగానే మిగులుతుంది. 'మార్కింగ్' అధికారుల మాట, కానీ రోడ్డు వెడల్పు పనులు మొదలైన వీధిలో నాలుగు రోజుల్లో అది అందరి మాటా అయిపోతుంది. 'మీకు మార్కింగ్ ఎంతవరకు పడింది?' అని ఒకళ్లనొకళ్లు అడుక్కుంటారు. అంటే ఈ కవిత మాట్లాడుతున్నది వార్త విన్న మనిషి కాదు, మార్కింగ్ పడిన ఇంటి మనిషి. 'కాలరు', 'కాజాలు', 'చేతులు' అనేవి కుట్టుపని మాటలు. చివరి భాగం మొత్తం వాటితోనే నిండి ఉంది. 'అరుగు' పాత ఇంటి మాట, 'ఫ్లైఓవర్' కొత్త రోడ్డు మాట. ఇవి రెండూ ఒకే పేజీలో ఉన్నాయి గానీ ఒకే పాదంలో ఎక్కడా లేవు.

ఇప్పుడు మార్చి చూడండి. ఈ చదువులో నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. ఒక మాట తీసి దానికి దగ్గరి అర్థమున్న ఇంకో మాట పెట్టి, ఏం పోయిందో చూడాలి. 'మునిసిపాలిటీవాళ్లు' బదులు 'పురపాలక సిబ్బంది' పెడితే కవిత ఒక్కసారిగా పత్రికలో జిల్లా పేజీలోకి వెళ్లిపోతుంది. 'నోటుబుక్కు' బదులు 'చిట్టాపుస్తకం' అంటే కాలం నలభై ఏళ్లు వెనక్కి పోతుంది. 'కొంచెం పొడుగు' తీసి 'మరింత దీర్ఘం' అని రాస్తే ఆ పాదంలో ఉన్న కోపమే చచ్చిపోతుంది. నిజానికి అక్కడ కోపం ఉందని చాలామంది మొదటి చదువులో గమనించరు. మార్చి చూసినప్పుడే బయటపడుతుంది. గొంతు పెంచకుండా, మామూలు మాటలో అన్నాడు గనకే అది కోపం. ఒక మాట మార్చినా ఏమీ పోలేదనిపిస్తే, ఆ పాదం ఊరికే నింపినదై ఉండొచ్చు. అలాంటి పాదాలు మంచి కవితల్లోనూ ఉంటాయి, దాన్ని ఒప్పుకోవడంలో తప్పులేదు.

ప్రాంతం కూడా మాటల్లోనే తెలుస్తుంది. ఈ కవితలో 'వీధి', 'వెళ్లారు', 'మీంచి' ఉన్నాయి. ఇది ఎక్కువగా కోస్తా వైపు పట్నం గొంతు. ఇదే సంగతి హైదరాబాదు పాత బస్తీలోంచి చెబితే 'మునిసిపాలిటోళ్లొచ్చి రాసిపోయిన్రు' అని ఉండేది, వీధి గల్లీ అయ్యేది. ఊరి పేరు చెప్పని కవితలో క్రియ రూపమే చిరునామా. తెలంగాణ యాసలో ఉన్న పాదాన్ని మనసులో 'సరిచేసుకుని' చదవడం కొందరికి అలవాటు. అలా చేస్తే మాట్లాడే మనిషే మారిపోతాడు. తెలియని రూపం ఎదురైతే ఆ ప్రాంతం వాళ్లను అడిగి, వాళ్లు పలికినట్టే పలకండి.

కాలం గురించి కూడా ఒక మాట. నగర కవితల్లో వస్తువుల పేర్లు తేదీలు వేసినంత పని చేస్తాయి. ఎస్టీడీ బూత్ ఉంటే ఒక కాలం, టాకీసు ఉంటే ఇంకో కాలం, పేట పేరు తీసేసి ఎన్‌క్లేవ్ అని బోర్డు పెడితే మరో కాలం. హైదరాబాదు మెట్రో రైలు 2017 నవంబరులో నడవడం మొదలుపెట్టింది. ఒక కవిత మెట్రో స్తంభాల మధ్యే తిరుగుతూ రైలు ఊసే ఎత్తకపోతే, ఆ నగరం ఇంకా తవ్వకాల్లో ఉన్నప్పటి నగరం అయ్యుండొచ్చు. అప్పుడు స్తంభం అంటే సౌకర్యం కాదు, అడ్డం. ఇది తెలియకుండా చదివితే కవి ఎందుకు విసుక్కుంటున్నాడో అర్థం కాదు.

ఈ వాడుక మాటలు కవిత్వంలోకి ఊరికే రాలేదు. పట్టాభి 1939లో ఫిడేలు రాగాల డజన్ అనే కవితా సంపుటి తెచ్చినప్పుడు మద్రాసు నగరమూ, పట్నపు మాటలూ, ఇంగ్లీషు పదాలూ కలిసే కవితలోకి వచ్చాయి. చాలామందికి అది గొడవగా అనిపించింది. కుందుర్తి ఆంజనేయులు 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ అనే సంస్థ పెట్టి, మామూలు మనిషికి అందే కవిత వచనంలోనే రావాలని వాదించారు. హైదరాబాదు జీవితాన్ని చిన్న చిన్న కవితలుగా అలిశెట్టి ప్రభాకర్ దినపత్రికలో సిటీ లైఫ్ పేరుతో రాశారు. వచన కవిత మాటలు తేలిక కాబట్టి రాయడం తేలికని అనుకునేవాళ్లు, పై పరీక్షను ఈ ముగ్గురిలో ఎవరి పాదం మీదైనా చేసి చూసుకోవచ్చు.

మూడో పని: క్రియలు ఏరండి

ఇది కొంచెం ఓపికగా చేయాలి. తెలుగు కవితకు ఇంతగా పనికొచ్చే పద్ధతి నాకు ఇంకొకటి తెలియదు. మన వాక్యం మామూలుగా సమాపక క్రియతో ముగుస్తుంది. 'వచ్చి', 'వేసి', 'రాసి' లాంటివి అసమాపకాలు, అంటే ఇంకా ఏదో రావాలని చెప్పేవి. 'వెళ్లారు' వచ్చాకే వాక్యం కూర్చుంటుంది. ఇది బడిలో చదువుకున్నదే. కవితలో సమాపక క్రియలన్నిటి కిందా గీత గీసి, ఏది ఎవరి పని అని చూడండి.

మన కవితలో సమాపక క్రియలు చాలా తక్కువ. 'వెళ్లారు', ఇది మునిసిపాలిటీవాళ్లది. 'ఉన్నాయి', ఇది నోటుబుక్కులో కొలతలది. 'దాటిపోతారట', ఇది ఫ్లైఓవర్ మీద పోయేవాళ్లది. వచ్చినవాళ్లకు క్రియ ఉంది, పోయేవాళ్లకు క్రియ ఉంది, ఆఖరికి కొలతలకు కూడా ఉంది. నాన్నకు లేదు. 'నాన్న వంచిన తల' అన్నచోట వంచడం క్రియే గానీ అది తలకు విశేషణంగా మారిపోయింది. 'ఆయన పనే' అన్న వాక్యంలో క్రియే లేదు. నాన్నకు దక్కిన ఒకే ఒక్క పూర్తి క్రియ 'ఇస్తాను'. అది కూడా 'ఇస్తానన్న' అనే మాటలో, చొక్కాకు ముందు ఇరుక్కుని ఉంది. అది కూడా జరిగిన పని కాదు, ఎవరికో ఇచ్చిన మాట.

కవి ఇదంతా లెక్కవేసి రాశాడా అని అడగొచ్చు. ఆ ప్రశ్న వదిలేయడం మంచిది. పాదాలు అలా ఉన్నాయి, అవి అలా పనిచేస్తున్నాయి, పాఠకుడికి కావలసింది అంతే. అయితే ఒక హద్దు ఉంది. క్రియల లెక్క మీకు దొరికిన భావానికి బలం ఇవ్వాలి. దానికదే భావం అయిపోకూడదు. 'నాన్నకు క్రియ లేదు కాబట్టి నాన్న చచ్చిపోయాడు' అని తేల్చేవాళ్లు ఉంటారు. కవితలో దానికి ఆధారం లేదు.

ఇక్కడే 'దాటిపోతారట'లో 'ట' కూడా చూడండి. చెబుతున్నవాళ్లు ఫ్లైఓవర్ ఎక్కలేదు. ఎవరో అన్నది విన్నారు. తమ వీధి గురించి తమకే బయటివాళ్లు చెప్పాల్సి వచ్చింది. మారే నగరం మీద రాసిన కవితల్లో 'ట', 'అంటున్నారు', 'అనుకుంటా' లాంటి చిన్న ముక్కలు ఎక్కడ వచ్చినా ఆగండి. నగరం గురించి తెలిసినవాళ్లెవరో, వినికిడి మీద బతుకుతున్నవాళ్లెవరో అవే విడదీస్తాయి.

నాలుగో పని: ముగింపు దగ్గర

ఇప్పుడు పెన్సిలు గీత పెట్టి వదిలేసిన ఆఖరి పాదానికి రండి. 'గుండీలు' అన్నాక ఏమీ లేదు. మన గొంతు ఎందుకు దిగలేదంటే వాక్యం కూర్చోలేదు. కుట్టి, కుట్టి, కుట్టి అని మూడుసార్లు విన్న చెవి నాలుగోసారి కూడా అదే వస్తుందని కాచుకుని ఉంటుంది. మిషను చప్పుడులా సాగిన లయ ఒక మాట ముందే ఆగిపోయింది.

చాలామంది పాఠకులు ఇక్కడ చేసే మొదటి పని, ఆ ఖాళీ నింపేయడం. 'గుండీలు కుట్టలేదు' అని మనసులో అనేసుకుని ముందుకు పోతారు. కొంచెం నెమ్మదించండి. చెవి కోరుకుంటున్నది 'కుట్టలేదు' కాదు, 'కుట్టి'. సరే, 'గుండీలు కుట్టి' అనే అనుకుందాం. అప్పటికీ వాక్యం పూర్తికాదు. 'ఇచ్చాడు' అని రావాలి, లేదా ఇంకేదో రావాలి. అంటే ఈ కవిత ఒక మాట ముందు ఆగలేదు, రెండు మాటల ముందు ఆగింది. మొదటిది చెవికి తెలుసు. రెండోది ఎవరికీ తెలియదు. చొక్కా పండక్కి అందిందో లేదో, అసలు ఆ పండగనాటికి ఆ అరుగు ఉందో లేదో కవిత చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఖాళీ నింపడానికి బదులు కింది నుంచి పైకి ఎక్కండి. ఆఖరి పాదం దగ్గర నిలబడి, ఇది పైన దేన్ని గుర్తుచేస్తోంది అని ఒక్కో భాగమే వెనక్కి చదవండి. ఇక్కడ మొదటి భాగం దాకా వెళ్లాక దొరుకుతుంది. 'వచ్చి, వేసి, రాసి' అని మూడు అసమాపకాలు, ఆ తర్వాత 'వెళ్లారు'. చివరి భాగంలోనూ 'కుట్టి, కుట్టి, కుట్టి' అని మూడు. ఒకే వాక్య నిర్మాణం రెండుసార్లు వచ్చింది. మునిసిపాలిటీవాళ్ల వాక్యం పూర్తయింది, నాన్న వాక్యం పూర్తికాలేదు. వాళ్ల పని అయిపోయింది కాబట్టే ఈయన పని ఆగింది అని కవిత ఎక్కడా అనలేదు. మూడో పనిలో మనం ఏరిన క్రియలు ఇప్పుడు అక్కరకొచ్చాయి చూడండి. అవి ముందే ఏరి పెట్టుకోకపోతే ఈ ముగింపు 'కవి ఎందుకో సగంలో వదిలేశాడు' అనే మాటతో ముగిసిపోయేది.

సగంలో ఆగిన ప్రతి ముగింపూ మంచిదని కాదు. నిజంగా ఆగిందా, చేతగాక ఆపాడా అని తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చేయొచ్చు.

మొదటిది, ఆఖరి పాదం తీసేసి చదవడం. 'కాజాలు కుట్టి' దగ్గర ఆపి చూడండి. అప్పుడూ వాక్యం పూర్తికాదు, కానీ ఎదురుచూపు లేదు. చేతిలో పని ఉన్న మనిషి కనిపిస్తాడు, అంతే. 'గుండీలు' వచ్చాక చేతిలో ఉన్న వస్తువు కనిపిస్తుంది, దాన్ని ఏం చేయాలో తెలుసు, ఆ పని మాత్రం లేదు. ఆఖరి పాదం తీస్తే ఏదో ఒకటి ఖచ్చితంగా పోవాలి. పోకపోతే కవి ఒక పాదం ముందే ఆగాల్సింది.

రెండోది, ఒక పాదం చేర్చి చదవడం. 'గుండీలు' కింద 'కుట్టకముందే జేసీబీ వచ్చింది' అని రాసుకోండి. మాట సరైనదే. బుల్డోజర్ వార్తల మాట, జేసీబీ వీధి మాట. అయినా కవిత అక్కడితో చిన్నదైపోతుంది. ఒక ఇల్లు కూలిన సంగతి మిగులుతుంది, మిగతాదంతా దానికి కారణం చెప్పే ఉపోద్ఘాతం అయిపోతుంది. చేర్చిన పాదంతో కవిత పెద్దదయిందనిపిస్తే మాత్రం అసలు ముగింపులో లోపం ఉన్నట్టే.

ఇంకో రకం ముగింపు ఉంది, దీన్ని సగంలో ఆగడంతో కలిపేస్తుంటారు. అది కొసమెరుపు. ఇదే కవిత చివరి భాగం తీసేసి,

నగరం పెరిగింది
మేం కురచయ్యాం

అని పెట్టామనుకోండి. చదవగానే బాగుందనిపిస్తుంది, సభలో చదివితే చప్పట్లు కూడా పడతాయి. కానీ ఇది ఆగిన ముగింపు కాదు, తలుపు గట్టిగా మూసిన ముగింపు. రెండు సమాపక క్రియలు, ఎదురెదురుగా రెండు వాక్యాలు, ఇక చెప్పేదేమీ లేదు. పైన ఉన్న టేపు, నోటుబుక్కు, వంచిన తల అన్నీ ఈ రెండు పాదాలకు సాక్ష్యాలుగా మిగిలిపోతాయి. కొసమెరుపును గుర్తుపట్టడం సులభం. ఆ చివరి పాదాలను విడిగా కోసి ఎవరికైనా పంపినా చెల్లుతాయి. 'గుండీలు' అని ఒక్క మాట పంపితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. సగంలో ఆగే ముగింపు కవిత లోపలే బతుకుతుంది. మినీ కవిత పుట్టిన దగ్గర్నుంచి కొసమెరుపుకు మన చెవి బాగా అలవాటు పడింది. అందుకే అది లేనిచోట కవిత అసంపూర్తిగా ఉందని తొందరపడి తీర్పు ఇస్తుంటాం.

చివర మూడు చుక్కలు పెట్టి వదిలేసిన కవితలను కొంచెం అనుమానంతోనే చూడండి. ఖాళీ ఉందని చుక్కలు చెబుతున్నాయంటే, పాదం తనంతట ఆ పని చేయలేకపోయిందేమో. చుక్కలు వేలితో మూసి చదవండి. అప్పుడూ గొంతు గాలిలోనే ఉంటే సరే, చుక్కలు అదనం. గొంతు దిగిపోతే మాత్రం ఆ కవిత అక్కడ నిజంగానే అయిపోయింది, చుక్కలు లేని దాన్ని ఉన్నట్టు చూపిస్తున్నాయి.

ఎక్కడ దారి తప్పుతాం

నగర కవితను చెడగొట్టే చదువు ఒకటి ఉంది. పాతది మంచిది, కొత్తది చెడ్డది అనే మూసలో పోసేయడం. మన కవితలో పాతకాలం మీద పొగడ్త ఒక్కటి కూడా లేదు. అట్ట చిరిగిన నోటుబుక్కు, రోజంతా వంచిన తల, పండక్కి ఇస్తానని మాట ఇచ్చిన చొక్కా, ఇవి ముచ్చటైన జ్ఞాపకాలు కావు. ఫ్లైఓవర్ గురించీ తిట్టు లేదు. మూడు నిమిషాల్లో దాటడం నిజంగా సౌకర్యమే, ఎవరికి సౌకర్యం అన్నదే ప్రశ్న. 'అయ్యో' అని మీ నోట్లోంచి వచ్చిందంటే, ఆ అయ్యో కవితలో ఏ పాదం దగ్గర ఉందో వేలు పెట్టి చూపించండి. చూపించలేకపోతే అది మీరు తెచ్చుకున్నది.

రెండో ఇబ్బంది, ఒక మాటకు మరీ ఎక్కువ బరువు వేయడం. 'ఆరు అడుగులు' అనగానే ఆరడుగుల నేల గుర్తుకొచ్చి, ఇది చావు కవిత అని మొత్తం దాని చుట్టూ తిప్పేవాళ్లుంటారు. ఆ ధ్వని ఉంది, కాదనలేం. కానీ వెంటనే 'మెట్లు, అరుగు, కుట్టుమిషను' అని కవిత దాన్ని అక్షరాలా కొలిచి చూపించింది. ముందు కొలత, తర్వాత ధ్వని. వాడుక భాషలో రాసిన కవితకు ఈ వరస తప్పకూడదు. మొదటి అర్థం పూర్తిగా నిలబడ్డాకే రెండో అర్థం దాని భుజం మీద చెయ్యి వేయాలి. మొదటిదాన్ని తోసేసి ఎక్కితే కవిత పొడుపుకథ అయిపోతుంది.

మూడోది పొడవైన కవితల సంగతి. రెండు మూడు పేజీలు నడిచే నగర కవితల్లో పైన చెప్పినట్టు ప్రతి మాటా ఏరుకుంటూ పోతే అలసట వస్తుంది, మంచిది కూడా కాదు. అక్కడ ముందు ముగింపు భాగం మీద మాత్రమే క్రియల పని చేయండి. ఆ నిర్మాణం పైన ఎక్కడ వచ్చిందో వెతకండి. దొరికిన చోటు చుట్టూ ఉన్న మాటలను మార్చి చూడండి. మధ్యలో ఉపన్యాసంలా సాగిన భాగాలుంటే, అక్కడ మాటలు సాధారణంగా ఎవరి నోటివీ కావు, పుస్తకాలవి. అలాంటిచోట వేగంగా దాటొచ్చు. మళ్లీ ఒక బస్సు నంబరో, అద్దె గది తాళమో, కండక్టరు అన్న మాటో రాగానే నెమ్మదించండి.

చివరిగా పుస్తకం పట్టుకునే తీరు. సంపుటిలో ఒక కవిత ముగిసిన చోటే, ఎదురు పేజీలో ఇంకో కవిత శీర్షిక కనిపిస్తుంది. పూర్తిగా ముగిసే కవితకు దాంతో ఇబ్బంది లేదు. సగంలో ఆగిన కవితకు మాత్రం ఆ శీర్షికే తర్వాతి పాదంలా వచ్చి తగులుకుంటుంది. 'గుండీలు' తర్వాత కన్ను వెళ్లి ఏ 'వెన్నెల' మీదో పడిందంటే చెవి దాన్నే కలిపేసుకుంటుంది. అందుకని ఎదురు పేజీ మీద ఒక తెల్ల కాగితం పెట్టుకుని చదవండి. కవిత కింద కవి వేసిన తేదీ, ఊరు పేరు ఉంటే వాటిని కూడా మూసి ఉంచి, క్రియలు ఏరడం అయ్యాక చూడండి. ముందే చూస్తే ఆ ఏడాది ఆ ఊళ్లో జరిగిన వార్తను కవితలో వెతకడం మొదలుపెడతారు. తర్వాత చూస్తే, మాటలను బట్టి మీరు కట్టిన ఊరూ కాలమూ సరిపోయాయో లేదో తేలుతుంది. సరిపోకపోతే, మీరు ఏ మాటను తప్పు నోటికి అంటగట్టారో రెండో పనికి వెళ్లి చూసుకోండి.